ఏళ్ల తరబడి పనిచేశాక వచ్చిన పదోన్నతికి క్యాప్షన్: గొప్పలు వినిపించకుండా టీమ్‌కు కృతజ్ఞతలు చెప్పడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకే చోట చాలా ఏళ్లు నిలకడగా పనిచేసి పదోన్నతి పొందినవారు ఆ వార్తను నలుగురితో పంచుకునేటప్పుడు రాసే నాలుగైదు వాక్యాల గురించి మాత్రమే ఈ పేజీలో చర్చించాను. సహోద్యోగులు పోస్టు చేయబోయే ముందు చూడమని ఇచ్చిన ఇలాంటి క్యాప్షన్లను నేను ఎన్నో ఏళ్లుగా సరిదిద్దుతున్నాను. వాటిలో మళ్లీ మళ్లీ ఎదురైన ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాశాను.

పదోన్నతి వచ్చిందని చెప్పుకోవడమే గొప్ప చెప్పుకోవడం కాదా?

కాదు. మీ బాధ్యత మారిందన్నది మీతో పని ఉన్నవారందరికీ తెలియవలసిన సమాచారం. దానిని ఒక్క సూటి వాక్యంలో చెబితే ఎవరికీ ఇబ్బంది కలగదు. ఇబ్బంది ఆ తరువాతి వాక్యాలలో, అంటే ఆ పదవి మీకెందుకు దక్కిందో మీరే వివరించడం మొదలుపెట్టినప్పుడు వస్తుంది. కష్టం, అంకితభావం, పట్టుదల వంటి మాటలు ఇతరులు మన గురించి అంటే ప్రశంసలవుతాయి, మనమే అనుకుంటే సిఫారసు లేఖలాగా ఉంటాయి. అందువల్ల వార్తను దాచవద్దు, దాని వెనుక కారణాలను మాత్రం మీరు చెప్పవద్దు.

నేను టీమ్‌కు ధన్యవాదాలు చెప్పాను. అయినా గొప్పగా ఉందని అంటున్నారు. ఎందుకు?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కృతజ్ఞతను రెండు రకాలుగా చెప్పవచ్చు. ఒకటి, మీవల్ల నాకు ఏం దక్కిందో చెప్పడం. రెండవది, మీరు ఏం చేశారో చెప్పడం. "నన్ను ఈ స్థాయికి చేర్చిన నా టీమ్‌కు ధన్యవాదాలు" అన్న వాక్యంలో టీమ్ పేరుకే ఉంది. దానిలో కనిపించేది నేను, నా స్థాయి. చదివినవారికి టీమ్ ఏం చేసిందో ఒక్క విషయం కూడా తెలియదు.

సారా ఆల్గో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక పరిశోధనలో జంటలు ఒకరికొకరు కృతజ్ఞత చెప్పుకునే తీరును పరిశీలించి, సరిగ్గా ఈ తేడానే లెక్కలోకి తీసుకున్నారు. ఎదుటివారు చేసిన పనిని, వారి గుణాన్ని మెచ్చుకుంటూ చెప్పిన కృతజ్ఞత విన్నవారిని కదిలించింది. తనకు కలిగిన మేలును గురించి చెప్పిన మాటల్లో ఆ ప్రభావం కనబడలేదు. అది జంటల మీద చేసిన పరిశోధనే గానీ కార్యాలయాల మీద చేసినది కాదు. అయినా క్యాప్షన్లు దిద్దేటప్పుడు నాకు ఇంతకన్నా ఉపయోగపడిన కొలత మరొకటి లేదు.

మీ చిత్తుప్రతిని పరీక్షించడం కూడా తేలికే. ప్రతి వాక్యంలోనూ క్రియ ఎవరిదో గీత గీసి చూడండి. "సాధించాను, ఎదిగాను, నేర్చుకున్నాను, గర్విస్తున్నాను" అంటూ క్రియలన్నీ మీవే అయితే, చివర ఎన్ని ధన్యవాదాలు చేర్చినా అది మీ గురించిన రాతే అవుతుంది. "లెక్కించారు, పట్టుకున్నారు, నేర్పారు, ఆగారు" అంటూ సగానికి పైగా క్రియలు టీమ్‌వి అయినప్పుడే అది కృతజ్ఞత అవుతుంది.

ఎవరు ఏం చేశారో రాద్దామంటే గుర్తు రావడం లేదు. ఏం చేయాలి?

ఇది మీ ఒక్కరి లోపం కాదు. 1979లో మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని అడిగారు. ఇద్దరూ చెప్పినది కలిపితే చాలా జంటల విషయంలో అది ఉండవలసిన మొత్తాన్ని మించిపోయింది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. ఎవరు చేసిన పని వారికి తేలికగా గుర్తుకు వస్తుంది, అంతే. తగవులు పెట్టుకోవడం వంటి మంచివి కాని విషయాల్లోనూ తమ వంతు ఎక్కువని చెప్పుకున్నారంటే, ఇది గొప్పతనం కోసం కాక జ్ఞాపకం పనిచేసే తీరు వల్ల జరిగిందని అర్థమవుతుంది.

కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడి క్యాప్షన్ రాయవద్దు. ఒక అరగంట కేటాయించి పాత మెయిళ్లు, టీమ్ గ్రూపులోని సందేశాలు, సెలవుల పట్టిక చూడండి. మీరు సెలవులో ఉన్న రోజుల్లో మీ పని ఎవరు చేశారో చూడడం అన్నిటికన్నా ఫలితం ఇస్తుంది, ఎందుకంటే ఆ రోజులు మీ జ్ఞాపకంలో అసలే ఉండవు. ఆ తరువాత పని తలకిందులైన ఒక సందర్భాన్ని ఎంచుకుని, ఆ వారంలో ఎవరు ఎవరికి ఏం రాశారో చదవండి. సాధారణంగా ఈ రెండు చోట్లే క్యాప్షన్‌కు కావలసిన సామగ్రి మొత్తం దొరుకుతుంది.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి వరకు చూపగలరా?

తప్పకుండా. ఒక సంస్థ జీతాల విభాగంలో తొమ్మిదేళ్లు పనిచేసి, అదే విభాగానికి మేనేజరు అయిన ఒకావిడ నాకు చూపించిన మొదటి ప్రతి ఇలా ఉంది:

"తొమ్మిదేళ్ల కఠోర శ్రమ, ఎన్నో త్యాగాలు, నిద్రలేని రాత్రుల తరువాత ఎట్టకేలకు నా కల నెరవేరింది! జీతాల విభాగం మేనేజరుగా నియమితురాలినైనందుకు ఎంతో గర్వంగా ఉంది. నన్ను ఈ స్థాయికి చేర్చిన నా టీమ్‌కు ధన్యవాదాలు. మీరు లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు."

ఆమె గర్విష్ఠి కాదు. సహోద్యోగుల గురించి నోటితో మాట్లాడేటప్పుడు ఎంతో ఆప్యాయంగా మాట్లాడుతుంది. రాయవలసి వచ్చేసరికి ఎక్కడో చదివిన మాటలే చేతికి వచ్చాయి. అందుకని రాత పక్కన పెట్టి, ఈ తొమ్మిదేళ్లలో పని చేయి దాటిపోతుందని భయపడిన సమయం ఏదైనా ఉందా అని అడిగాను. వెంటనే చెప్పింది: పాత సాఫ్ట్‌వేరు నుంచి కొత్తదానికి మారిన మూడు నెలలు. అలా మారేటప్పుడు ప్రతి నెలా జీతాలను పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ లెక్కించి, ఒక్కొక్క ఉద్యోగి వరుసను పోల్చి చూసి, తేడా వస్తే కారణం కనిపెట్టాలి. రెండు లెక్కలూ కలిశాకే పాతదాన్ని వదిలేయడానికి వీలవుతుంది. ఆ పోలిక పట్టికను తయారుచేసింది అప్పటికి కొత్తగా చేరిన ఒక సహోద్యోగి. తేడాల వెంటపడి, సెలవుల నిబంధనలు తిరగేసి, కారణం దొరికేదాకా వదలనిది విభాగంలో అందరికన్నా సీనియర్ అయిన మరొకరు.

తరువాత సెలవుల పట్టిక చూడమన్నాను. తల్లికి ఆరోగ్యం బాగాలేక ఆమె రెండు నెలలు సెలవు పెట్టినప్పుడు, నెలాఖరు పనిని ఇద్దరు పంచుకున్నారు. ఆ రెండు నెలల్లో ఆఫీసు నుంచి తనకు ఒక్క ఫోను కూడా రాలేదన్న సంగతి ఆమెకు ఆ పట్టిక చూస్తున్నప్పుడే తట్టింది. ఇక రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు:

"తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న జీతాల విభాగంలోనే ఈ నెల నుంచి మేనేజరుగా బాధ్యత తీసుకున్నాను. కొత్త సాఫ్ట్‌వేరుకు మారిన మూడు నెలలూ జీతాలను రెండు పద్ధతుల్లోనూ లెక్కించి సరిచూడవలసి వచ్చినప్పుడు, ఆ పోలిక పట్టికను తయారుచేసినవారు (పేరు) గారు. తేడా వచ్చిన ప్రతి వరుసకూ కారణం దొరికేదాకా వదలనివారు (పేరు) గారు. నేను రెండు నెలలు సెలవులో ఉన్నప్పుడు నెలాఖరు పనిని (పేరు) గారు, (పేరు) గారు పంచుకున్నారు. ఆ రెండు నెలల్లో నాకు ఆఫీసు నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు. మీ అందరికీ కృతజ్ఞతలు. నెలాఖరున ఎప్పటిలాగే పట్టిక దగ్గర కలుద్దాం."

దీనిలో శ్రమ అన్న మాట లేదు, త్యాగం అన్న మాట లేదు. కానీ ఆ విభాగంలో పని ఎంత శ్రద్ధగా జరుగుతుందో చదివినవారికి తెలుస్తుంది. అలాంటి చోట తొమ్మిదేళ్లు ఉన్న మనిషి ఎలాంటిదో కూడా వారే గ్రహిస్తారు. తల్లి అనారోగ్యం సంగతి క్యాప్షన్‌లో పెట్టవద్దని ఆమే నిర్ణయించుకుంది, అది సరైన నిర్ణయమని నాకు అనిపించింది. ఆ కారణం రాస్తే చదివేవారి దృష్టి సహోద్యోగుల మీద నుంచి మళ్లీ ఆమె మీదికే వచ్చేది.

"పదోన్నతి సాధించాను" అనాలా, "పదోన్నతి లభించింది" అనాలా?

తెలుగులో ఈ వెసులుబాటు ఉండడం మన అదృష్టం. "సాధించాను" అన్నప్పుడు కర్త నేను, ఫలం నాది. "నాకు లభించింది", "నాకు అప్పగించారు" అన్నప్పుడు నేను పుచ్చుకున్నవాణ్ణి మాత్రమే. రెండవ తీరు సహజంగానే నెమ్మదిగా ఉంటుంది. వీటికన్నా నాకు నచ్చినది "బాధ్యత తీసుకున్నాను" అన్న మాట, ఎందుకంటే అది దక్కినదాని గురించి కాక చేయవలసినదాని గురించి చెబుతుంది. ఒక్క జాగ్రత్త: వినయం కోసం "నాకు పదోన్నతి ఇవ్వబడినది" అని రాయకండి. అది ప్రభుత్వ ఉత్తర్వులోని వాక్యంలా ఉంటుంది.

"నా టీమ్", "మా టీమ్", "మన టీమ్" అన్న మాటల్లో ఏది రాయాలి?

చదివేవారు ఎవరన్నదాన్ని బట్టి మారుతుంది. సొంత ఇంటిని కూడా మనం "మా ఇల్లు" అంటాం గానీ "నా ఇల్లు" అని సాధారణంగా అనం. "నా టీమ్" అంటే టీమ్ నా ఆస్తి, నేను దాని యజమాని అన్న ధ్వని వస్తుంది. నిన్నటిదాకా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఈ రోజు మేనేజరు అయ్యాక ఆ మాట వాడితే సహోద్యోగుల చెవికి మరింత గట్టిగా తగులుతుంది. కాబట్టి "నా" వద్దు.

"మా", "మన" అన్నవాటి మధ్య తేడా కూడా గమనించాలి. అందరూ చూసే చోట రాస్తున్నప్పుడు మీరు బయటివారితో టీమ్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి "మా టీమ్" సరైనది. అక్కడ "మన టీమ్" అంటే ముక్కూమొహం తెలియని పాఠకుడు కూడా ఆ టీమ్‌లో ఉన్నట్లవుతుంది. టీమ్ గ్రూపులో రాస్తున్నప్పుడు "మన" అనే అనాలి. అక్కడ "మా" అంటే ఎదురుగా ఉన్నవారినే బయట నిలబెట్టినట్లవుతుంది. ఒకే రాతను రెండు చోట్లా పెట్టేవారు ఈ ఒక్క మాటను మార్చడం మరిచిపోతుంటారు. పై ఉదాహరణలోని ఆవిడ "టీమ్" అన్న మాటే లేకుండా రాసింది. పేర్లు ఉన్నప్పుడు ఆ మాట అవసరమూ ఉండదు.

పేర్లకు "గారు" చేర్చాలా? ఏ వరుసలో రాయాలి?

అందరికీ చేర్చండి, లేదా ఎవరికీ చేర్చకండి. ఇద్దరు పెద్దవారికి "గారు" పెట్టి, మిగిలినవారిని ఉత్త పేర్లతో రాస్తే టీమ్‌లోని అంతస్తులన్నీ ఆ ఒక్క వాక్యంలో బయటపడతాయి. మామూలుగా పేరు పెట్టి పిలుచుకునే చిన్నవారికి కూడా ఇలాంటి రాతలో "గారు" చేర్చితే అతిగా ఉండదు, గౌరవంగానే ఉంటుంది. వరుస విషయానికి వస్తే, జరిగిన పనిని చెబుతూ పోతే పేర్లు వాటంతట అవే ఒక క్రమంలో వస్తాయి. హోదా క్రమం, అక్షర క్రమం అని లెక్కలు వేయవలసిన అవసరం పేర్లను పని నుంచి విడదీసి జాబితాగా రాసినప్పుడే కలుగుతుంది.

టీమ్‌లో పదిహేను, ఇరవై మంది ఉంటే అందరి పేర్లూ రాయవద్దు. ఇద్దరి ముగ్గురి పేర్లు రాసి "తదితరులకు" అనడం అంతకన్నా తప్పు. అంతమంది ఉన్నప్పుడు పేర్లు లేకుండా పనులను మాత్రమే చెప్పండి: "రాత్రి షిఫ్టులో ఫోన్లు తీసినవారికి, మేం నింపిన ప్రతి ఫారాన్నీ రెండోసారి చదివినవారికి" అంటే ఎవరి పని వారు గుర్తుపడతారు. విడివిడిగా చెప్పవలసిన మాటలను విడివిడిగానే వారికి రాసి పంపండి.

ఎన్నేళ్లు పనిచేశానో చెప్పవచ్చా?

చెప్పండి. ఏళ్ల సంఖ్య వాస్తవం, గొప్ప కాదు. దాని పక్కన చేరే మాటల విషయంలోనే జాగ్రత్త అవసరం. "ఎట్టకేలకు", "ఇన్నాళ్లకు", "చివరికి గుర్తింపు దక్కింది" వంటి మాటలు రాగానే ఇంతకాలం మీకు అన్యాయం జరిగిందన్న ఫిర్యాదు వినిపిస్తుంది. ఆ ఫిర్యాదులో నిజం ఉండవచ్చు, ఆలస్యం నిజంగానే బాధించి ఉండవచ్చు, దాని గురించి మాట్లాడే హక్కు మీకు ఉంది. కానీ కృతజ్ఞతల మధ్య దానిని పెడితే మీరు కృతజ్ఞత చెబుతున్న సహోద్యోగులు కూడా నిందితుల వరుసలో నిలబడతారు. "తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న విభాగంలోనే" అన్నట్లు ఏళ్లను స్థలంతో ముడిపెడితే కాలం, నిలకడ రెండూ ధ్వనిస్తాయి, ఫిర్యాదు ధ్వనించదు.

అయితే మరింత వినయంగా రాస్తే సరిపోతుందా?

సరిపోదు, పైగా దెబ్బతింటుంది. "నాలాంటి సామాన్యుడికి ఇంత పెద్ద పదవి ఎందుకిచ్చారో ఇప్పటికీ నమ్మలేకపోతున్నాను" అన్న వాక్యంలో అసలు బరువు "ఇంత పెద్ద పదవి" మీద పడుతుంది. వినయపు ముసుగు వేసుకున్న గొప్పల మీద ఓవుల్ సేజర్, ఆమె సహ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అలా చెప్పేవారి కన్నా సూటిగా గొప్ప చెప్పుకునేవారినే జనం ఎక్కువగా ఇష్టపడ్డారని తేలింది. చెప్పినదానిలో నిజాయితీ లేదనిపించడమే దానికి ప్రధాన కారణం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. "నేనేమీ చేయలేదు, అంతా టీమే చేసింది" అని రాస్తే, మరి పదవి మీకెందుకు ఇచ్చారన్న ప్రశ్న చదివేవారికి రాక మానదు. ఇచ్చినవారి నిర్ణయాన్ని మీరే తక్కువ చేసినట్లవుతుంది. మీ భాగాన్ని చెరిపేయనక్కరలేదు, దాని గురించి మాట్లాడకుండా ఉంటే చాలు. "గర్వంగా ఉంది" అన్న మాటను వదలలేకపోతే దాని దిశను మార్చండి: "ఈ విభాగంలో పనిచేస్తున్నందుకు గర్వంగా ఉంది" అనడం ఎవరికీ నొప్పి కలిగించదు.

అదే పదవికి పోటీపడి, రాని సహోద్యోగి మా టీమ్‌లోనే ఉన్నారు. ఎలా రాయాలి?

క్యాప్షన్ కన్నా ముందు ఆ వ్యక్తితో మాట్లాడాలి. సంస్థ అధికారికంగా ప్రకటించిన తరువాత, మీరు పోస్టు చేయకముందు, వీలైతే ఎదురుగా కూర్చుని, లేకపోతే ఫోనులో మాట్లాడండి. ఓదార్చే ప్రయత్నం చేయవద్దు. "ఈ సాయంత్రం ఈ సంగతి రాయబోతున్నాను, ముందుగా మీకు చెప్పాలనుకున్నాను" అంటే సరిపోతుంది. ఆమె లేదా ఆయన పేరు ప్రస్తావించవచ్చా అని అప్పుడే అడగండి. వద్దంటే రాయకండి.

రాసేటప్పుడు ఆ వ్యక్తి గురించిన వాక్యం మిగిలినవారి వాక్యాల కన్నా పొడవుగా ఉండకుండా చూసుకోండి. పక్కవారికి రెండు పంక్తులు రాసి ఆ ఒక్కరికి ఐదు పంక్తులు రాస్తే, దాని వెనుక ఉన్న జాలి అందరికీ కనబడుతుంది. అలాగే "అర్హులకే అవకాశం దక్కుతుందని రుజువైంది" వంటి మాట ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రాసినవారికి అది సంస్థను మెచ్చుకోవడంలా అనిపిస్తుంది, రానివారికి అది తీర్పు.

సహోద్యోగి చేసిన సాయం గురించి రాస్తే ఆఫీసు సంగతులు బయటపడవా?

పడవచ్చు, అందుకే ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. "రెట్టింపు చెల్లింపులు జరగకుండా చివరి నిమిషంలో పట్టుకున్నారు" అని రాస్తే సహోద్యోగిని మెచ్చుకున్నట్లే ఉంటుంది గానీ, సంస్థలో అంత పెద్ద పొరపాటు జరగబోయిందని కూడా ప్రకటించినట్లవుతుంది. ఆ పొరపాటు చేసిన మరొక సహోద్యోగి కూడా దానిని చదువుతారు. ఫలితాన్ని కాకుండా పని తీరును చెప్పండి: "తేడా వచ్చిన ప్రతి వరుసకూ కారణం దొరికేదాకా వదలనివారు" అన్న వాక్యంలో ఏ తప్పూ బయటపడలేదు, మెచ్చుకోలు ఏమాత్రం తగ్గలేదు. ఖాతాదారుల పేర్లు, మొత్తాలు, ఇంకా ప్రకటించని పనుల వివరాలు రాయకూడదని వేరుగా చెప్పనక్కరలేదు. సందేహం ఉంటే ఆ వాక్యం వరకు మీ పై అధికారికి చూపించండి.

పై అధికారికి కృతజ్ఞతలు ఎక్కడ చెప్పాలి?

వారు నిర్దిష్టంగా ఏదైనా నేర్పి ఉంటే టీమ్ గురించి చెప్పిన తరువాత ఒక వాక్యంలో చెప్పండి. కేవలం పదవి ఇచ్చినందుకు అయితే వారికే ఒక సందేశం రాయండి. అందరి ముందు, అందరికన్నా ముందు అధికారిని పొగిడితే కింది పంక్తుల్లోని కృతజ్ఞతలు కూడా లాంఛనంగా కనబడతాయి. ఇంట్లోవారి విషయం కూడా అంతే. రాయాలనిపిస్తే చివర ఒక చిన్న వాక్యం చాలు.

ఎంత పొడవు ఉండాలి?

లింక్డ్‌ఇన్‌లో ఒక పోస్టుకు 3000 అక్షరాలు, ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కు 2200 అక్షరాలు అనుమతిస్తారు, కాబట్టి అక్కడ చోటు సమస్య కాదు. అయితే రెండు చోట్లా మొదటి రెండు మూడు పంక్తులే కనబడి, మిగిలినది నొక్కితేనే తెరుచుకుంటుంది. వార్త ఒక్కటే మొదటి వాక్యంలో ముగించి, రెండవ వాక్యంలోనే సహోద్యోగుల పని మొదలుపెడితే, నొక్కనివారికి కూడా అది కనబడుతుంది. ధన్యవాదాలన్నీ చివరికి నెట్టేస్తే చాలామంది వాటిని చూడనే చూడరు.

ఎక్స్‌లో డబ్బు కట్టని ఖాతాలకు 280 అక్షరాలే. అక్కడ గుణింతపు గుర్తు, ఒత్తు వేరువేరుగా లెక్కకు వస్తాయని గుర్తుంచుకోండి. "కృతజ్ఞతలు" మన కంటికి ఐదక్షరాలు, లెక్కలో తొమ్మిది. పై ఉదాహరణను అక్కడికి కుదిస్తే ఇలా ఉంటుంది: "తొమ్మిదేళ్లుగా ఉన్న జీతాల విభాగంలోనే ఈ నెల మేనేజరుగా బాధ్యత తీసుకున్నాను. సాఫ్ట్‌వేరు మారిన మూడు నెలలూ ప్రతి తేడాకూ కారణం వెతికి పట్టుకున్న నలుగురు సహోద్యోగులకు కృతజ్ఞతలు." పేర్లకు చోటు లేదు కాబట్టి ఎంతమందో చెబితే చాలు. ఎవరినీ వదిలేయలేదని ఆ సంఖ్య చెబుతుంది.

ఏ ఫొటో పెట్టాలి?

అందరూ కలిసి పనిచేస్తున్నప్పుడు తీసిన మామూలు ఫొటో ఉంటే అదే పెట్టండి. దానిలో ఉన్నవారిని ముందుగా అడగండి. నియామక పత్రం ఫొటో వద్దు. దానిలో ఉద్యోగి సంఖ్య, జీతం, సంతకాలు ఉంటాయి. మాటల్లో టీమ్ గురించి రాసి, ఫొటోలో మీ ఒక్కరినే చూపిస్తే చదివేవారు ఫొటోనే నమ్ముతారు.

పోస్టు చేశాక ఒకరి పేరు మరిచిపోయానని తెలిసింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఆ వ్యక్తికి ఫోను చేసి, మరిచిపోయానని ఉన్నమాట చెప్పండి. తరువాత పోస్టును సరిదిద్ది, వారు చేసిన పనితో సహా, మిగిలిన వాక్యాల మధ్యలో చేర్చండి. చివర "అలాగే" అంటూ విడిగా తగిలిస్తే మరిచిపోయిన సంగతి శాశ్వతంగా కనబడుతుంది. సరిదిద్దే వీలు లేని చోట, అప్పటికి స్పందనలు తక్కువగా ఉంటే తీసేసి మళ్లీ పెట్టడమే మేలు. చాలామంది చూసేసి ఉంటే, కింద మీరే ఒక వ్యాఖ్యలో వారి పనిని వివరంగా రాయండి.

అభినందనలకు జవాబు ఎలా ఇవ్వాలి?

క్యాప్షన్ బాగా రాసి, కింద జవాబుల్లో తడబడేవారిని చాలామందిని చూశాను. "మీరు ఎప్పుడో కావలసినవారు" అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఖండించవద్దు. "మీ మాటకు కృతజ్ఞతలు" అంటే చాలు. టీమ్‌లోనివారు రాస్తే మాత్రం అందరికీ ఇచ్చే జవాబే వారికీ ఇవ్వకండి. పోలిక పట్టిక తయారుచేసిన సహోద్యోగి "అభినందనలు మేడం" అని రాసినప్పుడు, ఆవిడ ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఆ పట్టికలో ఏడో వరుస ఎందుకు కలవడం లేదో మీరు చెప్పిన సాయంత్రమే నేను మొదటిసారి నిశ్చింతగా ఇంటికి వెళ్లాను."